జట్టు పాట, జనం పల్లవి
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల క్రికెట్ జట్టుకు ఒక పాట ఉండవలెనన్నది ఈ ఉత్సవాలకు సంబంధించిన కోరికలలో ఒకటి. పాట వ్రాయగలవారికి రాయచూరులో కొదువ లేదు. ఛందస్సు తెలిసిన పండితులున్నారు, భజన కట్టగల పెద్దలున్నారు. అయితే ఇక్కడ కోరినది వేదిక మీద ఒకరు పాడగా అందరూ కూర్చొని వినే గేయం కాదు. మైదానం చుట్టూ నిలుచున్న జనమంతా, అంతకు ముందెన్నడూ ఆ పాట వినని వారితో సహా, ఒక్కమారు విని అందుకొనవలసిన పల్లవి అది. చప్పట్లు కూడ ఆ పల్లవిలోనే భాగం. ఇట్టి పాటకు కవిత్వం కంటె ముందు కొలత కావాలి. ఈ ప్రసంగంలో ఎక్కువ భాగం ఆ కొలతను గురించియే.

మొదట జనం ఎవరన్నది చూడాలి. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. ఆనాడు మైసూరు రాష్ట్రంలో చేరినది, ఆ రాష్ట్రానికి 1973లో కర్ణాటక అన్న పేరు వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలలో కన్నడం, తెలుగు, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే అంగడిలో వినిపిస్తవి. పట్టణంలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఒక పక్క, తుంగభద్ర ఎడమ కాలువ నీరు వచ్చిన పిదప కోస్తా జిల్లాల నుండి వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాలలో క్యాంపులు కట్టుకొని సేద్యం చేసిన రైతు కుటుంబాలు మరొక పక్క. తెలుగు మాధ్యమ పాఠశాల జట్టు ఆడుతున్నప్పుడు గట్టున నిలుచున్న వారిలో తెలుగు చదవగలవారు ఎందరో, చదవలేనివారు కూడ అందరే ఉంటారు. ఆడే పిల్లవాని మిత్రుడు కన్నడ పాఠశాల విద్యార్థి కావచ్చు. వాని తండ్రికి తెలుగు మాట వచ్చును కాని లిపి రాకపోవచ్చు. అటువంటివాడు పెదవి కదపలేని పాట జట్టు పాట కానేరదు. అది సగం గట్టుకు మాత్రమే పాట అవుతుంది, మిగిలిన సగం తాము పరాయివారమని ఆ క్షణంలోనే గ్రహిస్తుంది. క్రీజు దగ్గర నిలుచున్న పదమూడేండ్ల బాలునికి సగం గట్టు మౌనంగా ఉండడం స్పష్టంగా వినబడుతుంది.

కనుక మాటల ఎంపిక ఇక్కడ మొదటి పని. అదృష్టవశాత్తు తెలుగు కన్నడాలు రెండింటిలోను ఒకే రూపంతో, ఒకే అర్థంతో ఉన్న మాటలు ఆటకు సంబంధించినవే దొరుకుతవి. ‘ఆట’ ఉభయ భాషలలోను ఆటయే. ‘ఆడు’ రెండింటిలోను ఆడుమనియే. ‘ఊరు’ రెండింటిలోను ఊరే. ‘గెలుపు’ కన్నడంలో ‘గెలువు’ అవుతుంది, దగ్గరిదే అయినా గొంతులు కలిసిన చోట ఆ ఒక్క అక్షరం తడబడుతుంది. దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఆట, ఊరు అన్న మాటలు వీధిలోనే పరిచయం. మరి ఊరి పేరు అందరిదీ. ఈ నాలుగు మాటలతో పల్లవి కట్టవచ్చునా అన్నది ప్రశ్న.

ఇక కొలత. తలిదండ్రులలో ఛందస్సు మరచినవారి కొరకు ఒక్క మాట: హ్రస్వాక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరానికి, నిండుసున్న గల అక్షరానికి రెండు. ఈ లెక్కన ‘రాయచూరు’ను కొలిచితే రా రెండు, య ఒకటి, చూ రెండు, రు ఒకటి. అనగా ‘రాయ’ మూడు మాత్రలు, ‘చూరు’ మూడు మాత్రలు. ఊరి పేరే రెండు సమమైన అడుగులుగా విడిపోయినది. ‘ఆట’ మూడు మాత్రలు, ‘ఆడు’ మూడు మాత్రలు, ‘ఊరు’ మూడు మాత్రలు. ఎంచుకొన్న నాలుగు మాటలూ ఒకే నడకలో నిలుచున్నవి. గురువు మీద లఘువు, గురువు మీద లఘువు. సంగీతజ్ఞులు దీనిని తిస్రగతి అంటారు. లాక్షణికులు ఈ గలాన్ని, మూడు లఘువుల నగణాన్ని కలిపి సూర్యగణాలన్నారు. ఏడు సూర్యగణాల మీద ఒక గురువు పెట్టి కట్టే జాతి పద్యానికి మన పూర్వులు ‘ఉత్సాహము’ అని పేరు పెట్టినారు. కన్నడంలో త్రిమాత్రా గణాల రగళెకు కూడ ఉత్సాహ రగళె అనియే పేరు. రెండు భాషల లాక్షణికులూ ఈ నడకలో ఒకే గుణాన్ని విన్నారన్నమాట. కోలాటంలోను, చెక్క భజనలోను తరచు వినిపించే నడక ఇదియే గనుక జనం కాళ్ళకు ఇది కొత్త కాదు.

ఊరి పేరును పట్టించుకొనక ముందు మాటలు పేర్చుకొంటే ఏమవుతుందో చూడవచ్చు. జట్టు పాటలలో సాధారణంగా తోచే మాట ‘విజయం మనదే’. వి, జ ఒక్కొక్క మాత్ర, యం రెండు, మొత్తం నాలుగు. మనదే కూడ నాలుగు. ఇది చతురస్ర నడక. దీని వెంట ‘రాయచూరు’ పెట్టినచో, నాలుగు నాలుగుగా పడుతున్న చప్పట్ల మధ్య మూడు మూడుగా విరిగే మాట వచ్చి పడుతుంది. అభ్యాసమున్న గాయకుడు ఆ మాటను సాగదీసి సరిపెట్టగలడు. రెండు వందల మంది ఒకేసారి సరిపెట్టలేరు. కొందరు ‘రా’ను సాగదీస్తారు, కొందరు ‘రు’ను. చప్పట్లు చెదురుతవి. తప్పు పాడినవారిది కాదు, కట్టినవారిది. బజారులో ‘రాయ్‌చూర్’ అని పలికేవారు కూడ ఎక్కువే. తిస్ర నడకలో వారికి ఇబ్బంది లేదు. ‘రాయ్’ ఒక అడుగు, ‘చూర్’ ఒక అడుగుగా సాగి, దెబ్బ అదే చోట పడుతుంది.

ఈ ఆలోచన మీద కట్టి చూపిన పల్లవి ఇది. నాయకుడు ఒక వరుస పిలుస్తాడు, జనం బదులు చెబుతారు.

నాయకుడు: ఆడు ఆడు రాయచూరు!
జనం: ఆట మనది! (చప్పట్లు రెండు)
నాయకుడు: ఆడు ఆడు రాయచూరు!
జనం: ఊరు మనది! (చప్పట్లు రెండు)

పండితులు ఇక్కడ ఒక ఆక్షేపణ తెలుపవచ్చు. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి కావాలి గదా అని. నిజమే, కాని సంధి చేసినచో ‘ఆడు ఆడు’ కాస్తా ‘ఆడాడు’ అవుతుంది. ఆట మొదలు కాకముందే ముగిసిపోయినట్లు! మైదానంలో విసంధి దోషాన్ని క్షమించవలసినదే.

పల్లవి నిర్మాణంలో ముఖ్యమైన సంగతి జనం వరుసలో ఉన్నది. నాయకుని వరుసలో నాలుగు అడుగులు, నాలుగింటికీ మాట ఉన్నది. జనం వరుసలోను నాలుగు అడుగులే, అయితే మాటలు రెండు అడుగులకే. తక్కిన రెండు అడుగులు చప్పట్లవి. మాట ఉన్న చోట చప్పట్లు లేవు, చప్పట్లు ఉన్న చోట మాట లేదు. పాడుతూ తాళం వేయడం అభ్యాసం మీద వచ్చే విద్య. అభ్యాసం లేని జనం రెండూ కలిపి చేయబోతే, మాట పలికే వేగానికి చేతులు పరుగెత్తుతవి. చప్పట్ల వేళ ఊపిరి పీల్చుకొనే వ్యవధి కూడ దొరుకుతుంది. ఆ ఊపిరి లేకపోతే మూడవ ఆవృత్తికి గొంతులు తగ్గిపోతవి.

బుర్రకథలో కథకుని ప్రతి చరణానికి పక్కనున్న వంతలు పలికే వంతపాట నిర్మాణమూ ఇదే. మొహర్రం నాళ్ళలో ఈ జిల్లాలోని ముద్గల్ మొదలైన చోట్ల అలాయి గుండం చుట్టూ హిందువులు, ముసల్మానులు కలిసి వలయంగా తిరుగుతూ పాడే పాటలలోను ఒకరు పలుకగా వలయం అందుకొంటుంది. పిలుపు పొడవుగాను, బదులు పొట్టిగాను ఉండడం చేత కొత్తగా వలయంలో కలిసినవాడు కూడ రెండవ చుట్టులో పాడగలుగుతున్నాడు. జట్టు పాటకు నమూనా వెదుకవలసి వస్తే దూరం పోనక్కరలేదు.

దూరదేశపు ఉదాహరణ ఒకటి మాత్రం చెప్పుకొనదగినది. 1977లో ఇంగ్లండులోని స్టాఫర్డ్ పట్టణంలో క్వీన్ అనే సంగీత బృందం కచేరీ ముగించిన తరువాత శ్రోతలు ఇంటికి పోక తామే ఒక పాట ఎత్తుకొని పాడినారు. ఆ బృందంలో గిటారు వాయించే బ్రయన్ మే, భౌతికశాస్త్ర విద్యార్థి కూడ, ఆ జనం నిలుచున్న చోటనే, వాద్యం లేకుండా ఏమి చేయగలరని ఆలోచించినాడు. కాళ్ళు తాటించగలరు, చప్పట్లు కొట్టగలరు, పాడగలరు. ఆ ఆలోచన నుండి రెండు తాటింపులు, ఒక చప్పట్టు, ఆపైన ఒక ఖాళీ గల పాట పుట్టినది. ఆ ఖాళీయే కీలకం. అది లేకపోతే జనం వేగం పెంచుకొంటూ పోతారు. ఖాళీ దగ్గర అందరూ ఆగి, ఒకరినొకరు కలుసుకొని, మరల ఒకేసారి మొదలు పెడతారు. మన పల్లవిలో నాయకుని పిలుపు ఆ ఖాళీ పని చేస్తుంది. ఆ వరుసలో జనం చేతులకు విరామమే.

ఇక వేగం. ఇక్కడనే చాలా జట్టు పాటలు చెడిపోతవి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మైదానానికి ఒక గట్టున కొట్టిన చప్పట్టు, 100 మీటర్ల దూరాన ఎదురు గట్టునున్నవారికి సుమారు 0.3 సెకను ఆలస్యంగా వినబడుతుంది. వారు విని, దానికి సరిగా చప్పట్టు కొట్టితే, అది తిరిగి ఇటు చేరునప్పటికి మరొక 0.3 సెకను గడుస్తుంది. మొత్తం 0.6 సెకను. తరగతి గదిలో హుషారుగా పాడుకొన్నప్పుడు ఒక్కొక్క అడుగుకు సుమారు అర సెకను పడుతుంది. అదే వేగంతో మైదానంలో పాడితే ఎదురు గట్టు ఒక అడుగు వెనుకబడినట్లు వినిపిస్తుంది. వారు ‘ఊరు’ అంటూండగా వీరు ‘మనది’ దగ్గర ఉంటారు. వారి కొరకు వీరు ఆగుతారు, వీరి కొరకు వారు ఆగుతారు, పాట ఈడ్చుకొని పోతుంది. గదిలో బాగున్న పాట మైదానంలో ఎందుకు పాడైనదో ఎవరికీ తెలియదు. జనానికి శ్రద్ధ లేదని చెప్పుకొని ఊరుకొంటారు.

దీనికి మందు రెండు విధాలు. మొదటిది అడుగు నిడివి పెంచడం. ఒక్కొక్క అడుగుకు 0.7 సెకను చొప్పున, అనగా నిమిషానికి సుమారు 85 అడుగులుగా నడిపితే, ఎదురు గట్టు చప్పట్టు రెండు అడుగుల మధ్య ప్రతిధ్వని వలె వినబడుతుంది, గందరగోళం చేయదు. గదిలో పాడినప్పుడు ఈ వేగం మందంగా, కొంచెం చప్పగా కూడ తోస్తుంది. అయినను మార్చరాదు. చప్పట్ల విషయంలో శాస్త్రజ్ఞుల పరిశీలన ఒకటి దీనికి తోడు వస్తున్నది. జోల్తాన్ నేదా అనే భౌతికశాస్త్రవేత్త, సహచరులు రుమేనియా, హంగేరి దేశాల నాటకశాలలలో ప్రేక్షకుల చప్పట్లను శబ్దగ్రహణం చేసి 2000లో నేచర్ పత్రికలో ప్రకటించినారు. చప్పట్లు ఒక తాళానికి వచ్చినప్పుడెల్లా ఒక్కొక్కరు కొట్టే వేగం సుమారు సగానికి తగ్గుతున్నది. ఉత్సాహం పెరిగి మరల వేగం పెంచినంతనే తాళం చెదరిపోతున్నది. నెమ్మదిగా కొట్టినప్పుడు మనిషికి మనిషికి మధ్య వేగంలో తేడా తక్కువగా ఉంటుంది, అందుచేత కలిసిపోవడం సులభం.

రెండవ మందు, చెవితో కాక కంటితో తాళం అందుకోవడం. వెలుగుకు ఆలస్యం లేదు. మైదానంలో అన్ని గట్లకు కనిపించే చోట, సైట్ స్క్రీన్‌కు పక్కగా, ఒక విద్యార్థి పెద్ద జెండా పట్టుకొని నిలుచుండాలి. జనం వరుస ఆరంభంలో జెండా పైకి లేస్తుంది, రెండు చప్పట్లకు రెండు మార్లు కిందికి దిగుతుంది. వాని పక్కనే డప్పు ఉంటుంది. కన్నడిగులు హలగె అనేది దీనినే. డప్పు వాయించేవాడు జెండా చూచి వాయించాలి, జెండా పట్టినవాడు డప్పు వినరాదు. ఇది తలక్రిందుగా తోచవచ్చును గాని, ఇద్దరిలో ఒకరే నాయకుడు కావాలి, గట్లన్నింటికీ ఒకేసారి అందేది జెండా మాత్రమే. మైకు పెట్టినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఒక మూల నుండి వచ్చే లౌడ్‌స్పీకరు శబ్దం కూడ అదే 340 మీటర్ల లెక్కకు లోబడినదే. డప్పును ఆట ఆరంభానికి ముందు సెగ చూపి బిగువు చేసుకొనడం వాయించేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మైదానంలో మంట ఎక్కడ వేయవలెనో మాత్రం ముందుగా నిర్ణయించుకొనడం మంచిది.

ఈ లెక్కతో పల్లవి ఎంతసేపు పడుతుంది? నాలుగు వరుసలు, వరుసకు నాలుగు అడుగులు, మొత్తం 16 అడుగులు. 0.7 చొప్పున సుమారు 11 సెకన్లు. క్రికెట్‌లో పాటకు చోటు ఓవరుకు ఓవరుకు మధ్యనే. బౌలరు పరుగు మొదలుపెట్టిన తరువాత గట్టు నిశ్శబ్దం కావాలి. బంతిని చూస్తున్న బాలుని చెవిలో, తన జట్టు పాటయే అయినా సరే, చప్పుడు పడరాదు. అంతర్జాతీయ ఒకరోజు, టీ20 పోటీలలో ఒక ఓవరు ముగిసిన పిదప 60 సెకన్లలోగా తరువాతి ఓవరు ఆరంభించాలన్న నిబంధన 2023 డిసెంబరులో పురుషుల పోటీలలో ప్రయోగంగా వచ్చి 2024లో స్థిరపడినది. పాఠశాల పోటీలలో గడియారం పట్టేవారు లేకపోయినా విరామం సుమారు అంతే. కాబట్టి పల్లవి, ఒక చరణం, మరల పల్లవి, ఇంతా కలిసి 45 సెకన్లలో ముగియాలి. అప్పుడు ఫీల్డర్లు తమ తమ చోట్లకు చేరునప్పటికి గట్టు సద్దుమణుగుతుంది. పల్లవికి రెండు మార్లు 22 సెకన్లు పోగా చరణానికి మిగిలినవి 23 సెకన్లు. అనగా 32 అడుగులు, వరుసకు ఎనిమిది చొప్పున నాలుగు వరుసలు.

కృష్ణ తుంగభద్ర నడుమ, కోట గోడ నీడలోన
నల్ల నేల మీద నిలిచి బంతి విసరు, బంతి కొట్టు
ఒకరు పడిన ఒకరు లేచి పరుగు మీద పరుగు పేర్చి
ఓటమైన గెలుపు ఐన చేయి కలిపి నడచి రండి

నదుల పేర్లు కూడ ఊరి పేరు వలెనే సహకరించినవి. కృష్ణ మూడు మాత్రలు, తుంగ మూడు, భద్ర మూడు. నల్ల నేల అన్నది ఈ ప్రాంతపు రేగడి. చరణం నాయకుడు, జట్టుకు చెందిన పదిమంది పిల్లలు పాడేది. జనం పాడనక్కరలేదు, వినినంత చాలు. అందుచేత చరణంలో కన్నడం రానివారికి, తెలుగు రానివారికి కష్టమన్న చింత లేదు. చరణాలు ఏటేటా మార్చుకొనవచ్చు, కన్నడంలో ఒక చరణం వ్రాసుకొనవచ్చు. మారరానిది పల్లవి ఒక్కటే.

ఆటగాండ్ర పేర్లు ఎక్కడ పెట్టవలెనన్నది కూడ ఇక్కడనే తేలుతుంది. 1950 జూన్‌లో లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్ జట్టు ఇంగ్లండును ఆ దేశంలో మొట్టమొదటిసారి టెస్టులో ఓడించినది. ఇరవై ఒక్క ఏండ్ల రామాధీన్, ఇరవై ఏండ్ల వాలెంటైన్ ఇద్దరూ కలిసి 20 వికెట్లలో 18 తీసినారు. లార్డ్ కిచెనర్ గిటారు పట్టుకొని అభిమానులను వెంటబెట్టుకొని మైదానంలో పాడుతూ తిరిగినాడు. లార్డ్ బిగినర్ కట్టిన ‘విక్టరీ కాలిప్సో’ ఆ ఇద్దరు బౌలర్ల పేర్లను పల్లవికి ఎక్కించినది. ఆ పాట నేటికీ క్రికెట్ చరిత్ర తెలిసినవారి నోట ఉన్నది. కాని అది ఒక్క గెలుపు పాట. పాఠశాల జట్టులో పదవ తరగతి ముగిసిన వెంటనే పేర్లు మారిపోతవి. పేరు చరణంలో ఉంటే వచ్చే ఏడు చరణం మారుతుంది. పల్లవిలో ఉంటే పాట అటక ఎక్కుతుంది. అంతకంటె ముఖ్యం, పదకొండు మందిలో ఇద్దరి పేర్లు జనమంతా పాడుతూంటే తక్కిన తొమ్మిది మంది బాలురు వింటూ నిలుచుండవలసి వస్తుంది. పన్నెండవ వాడు, నీళ్ళు మోసేవాడు, వాని సంగతి చెప్పనక్కరలేదు.

పల్లవిలో గెలుపును వాగ్దానం చేయకపోవడం కూడ ఆలోచించి చేసినదే. కర్ణాటకంలో ఈ విషయానికి అందరూ ఎరిగిన ఉదాహరణ ఉన్నది. ‘ఈ సారి కప్పు మనదే’ అని అర్థం వచ్చే కన్నడ నినాదాన్ని బెంగుళూరు ఐపీఎల్ జట్టు అభిమానులు ఏటేటా పలికినారు. ఆ కప్పు 2025లో, అనగా పోటీ మొదలైన 18వ ఏట గాని రాలేదు. అన్ని ఏండ్లు ఎదుటి జట్టులవారు అదే నినాదాన్ని ఎగతాళికి వాడుకొన్నారు. పెద్దవారు దానిని నవ్వుకొని భరించగలరు, అది వారి వినోదంలో భాగమే అయినది. ఏడు వికెట్లు పడిపోయిన పిదప బ్యాటు పట్టుకొని వస్తున్న బాలునికి ‘గెలుపు మనదే’ అన్న పాట బరువు. వాడు అవుటై తిరిగి వచ్చేటప్పుడు అదే పాట వెక్కిరింపు. ‘ఆట మనది’ అన్న మాట అప్పుడు కూడ నిజమే. ఏడు వికెట్లు పడినప్పుడు నోరు తెరిచి పాడగలిగినదే జట్టు పాటగా నిలుస్తుంది గనుక, కొత్త పల్లవిని గెలుస్తున్న ఆటలో కాక ఓడుతున్న ఆటలో పరీక్షించి చూడాలి.

‘మాది’ అనక ‘మనది’ అనడంలో కూడ ఒక సౌకర్యం ఉన్నది. ‘మాది’ వినేవానిని వెలి చేస్తుంది, ‘మనది’ వినేవానిని కలుపుకొంటుంది. సింధనూరు నుండియో, దేవదుర్గం నుండియో వచ్చిన ఎదుటి జట్టు పిల్లలు కూడ ‘ఆట మనది’ అని చప్పట్లు కొట్టవచ్చు, వారికి అవమానం లేదు. కన్నడ పిల్లలు దానిని తమ నోట ‘ఆట నమ్దు’ అని మార్చుకొన్నా ‘నమ్దు’ కూడ మూడు మాత్రలే. తాళం చెడదు, దిద్దనక్కరలేదు.

స్వరం విషయం క్లుప్తంగా చాలు. పల్లవి షడ్జమం నుండి గాంధారం వరకు మూడు స్వరాలు దాటరాదు. పిలుపు గాంధారం మీద ఆగాలి, బదులు షడ్జమానికి దిగాలి. దిగే వరుసను జనం తేలికగా పట్టుకొంటారు. పిల్లలు, తల్లులు పై స్థాయిలోను, తండ్రులు క్రింది స్థాయిలోను తమంత తామే పాడుకొంటారు. శ్రుతి చూచి మొదలుపెట్టే బాధ్యత నాయకునిది. గొంతు మారే వయసులో ఉన్న బాలుని నాయకునిగా పెట్టకపోవడం క్షేమం. ఆడపిల్ల నాయకత్వం వహిస్తే పిలుపు గట్టు చివరి వరకు తేటగా వినిపిస్తుంది. ‘ఆడు’, ‘ఆట’ రెండూ నోరు పూర్తిగా తెరిచి పలికే ‘ఆ’తో మొదలు కావడం చేత ఆ శబ్దం గాలిలో దూరం పోతుంది.

నేర్పే విధానం. ఉదయ ప్రార్థన అయిన పిదప మూడు దినాలు పల్లవి మాత్రం పాడించితే పాఠశాల అంతటికీ వస్తుంది. పోటీ నాడు ఆ పిల్లలనందరినీ ఒకే చోట కూర్చోబెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. అప్పుడు పాట ఆ మూలకే పరిమితమై, మిగిలిన గట్లకు ప్రదర్శనగా మిగిలిపోతుంది. మైదానం చుట్టూ ఎనిమిది చోట్ల అయిదారుగురు చొప్పున నిలిపితే ప్రతి గుంపు చుట్టూ ఉన్న పెద్దలు వారిని చూచి అందుకొంటారు. మొదటి ఓవరు ముగిసినప్పుడు పిల్లలు మాత్రమే పాడతారు. మూడవ ఓవరు వేళకు చప్పట్లు గట్టంతా వ్యాపిస్తవి, మాటలు ఆ తరువాత వస్తవి. చప్పట్లు రాకముందే మాటలు రావాలని తొందరపెట్టరాదు.

పాట కుదిరినదా లేదా అన్నది తెలుసుకొనడానికి ఉపాధ్యాయులలో ఒకరు చేతి గడియారం పట్టుకొంటే చాలు. పల్లవి 11 సెకన్లలో ముగియాలి. 9 సెకన్లకే ముగిసినదంటే జనం పరుగెత్తుతున్నారు, జెండా పట్టినవాడు పిలుపు వరుసలో కొంచెం ఆగాలి. 14 సెకన్లు పట్టినదంటే గట్లు ఒకదాని కొరకు ఒకటి ఆగుతున్నవి, అనగా జెండాను చూడక చెవులను నమ్ముకొంటున్నారు. జెండా సరిపోయినంత ఎత్తున లేదు, లేదా ఎండకు ఎదురుగా ఉన్నది. సాయంకాలం పడమటి వైపు నిలిపిన జెండా తూర్పు గట్టువారికి కనిపించదు. మధ్యాహ్నం తరువాత దానిని ఉత్తరానికి మార్చుకొనాలి. మాటల మీద చప్పట్లు పడుతున్నట్లయితే లోపం వేగంలో కాదు, నేర్పడంలో. మరునాటి ప్రార్థనలో మాట లేకుండా చప్పట్లు మాత్రం, ఆపైన చప్పట్లు లేకుండా మాట మాత్రం పాడించితే సర్దుకొంటుంది. ఇక చివరి పరీక్ష నాయకుడు ఒక ఓవరు మౌనంగా ఉండడం. జెండా లేచినప్పుడు పిలుపు లేకున్నా బదులు వచ్చినదంటే పాట జనానిది అయినట్లే.

పల్లవిని మైదానం గేటు వద్ద పలక మీద వ్రాయించినప్పుడు తెలుగు, కన్నడ, ఉర్దూ మూడు లిపులలోను ఒకే మాటలు వ్రాయించాలి, అనువాదం చేయించరాదు. మూడు లిపులకు కలిపి ఆరు అడుగుల పలక చాలును. చప్పట్లు పడవలసిన చోట రెండు అరచేతుల బొమ్మ వేయిస్తే అక్షరం రాని వృద్ధులు కూడ ఎక్కడ కొట్టవలెనో తెలుసుకొంటారు.